ఏళ్ల తరబడి కలిసి ఆడిన మిత్రుడికి వీడ్కోలు చెప్పడం ఎలా?

ఆన్‌లైన్ ఆటలో కుదిరిన స్నేహాలు ఎక్కువగా గొడవతో ముగియవు. ఒకరు రావడం తగ్గిస్తారు, ఇంకొకరు కొన్నాళ్లు ఎదురుచూస్తారు, తర్వాత పేరు పక్కన పచ్చచుక్క వెలగదు. ఉద్యోగం మారినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఇదే వరుస. ఎదురుచూసిన మనిషికి మాత్రం కారణం ఎప్పటికీ తెలియదు.

ఇది అలా కాకుండా చెప్పి వెళ్లదలచినవారి కోసం. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటను ఉదాహరణగా తీసుకున్నాను. ఆటగాళ్లు క్లాన్ అనే జట్టుగా చేరి వేరే క్లాన్‌లతో వార్‌లు ఆడే ఆట ఇది. అందులో వీడ్కోలుకు మాటలతో పాటు అప్పగింతలు కూడా ఉంటాయి. కలం స్నేహానికి వర్తించే తేడాలు ఏడో మెట్టులో ఉన్నాయి.

ఉదాహరణ ఇలా అనుకుందాం. విజయనగరంలో ఉండే ఒక యువకుడు క్లాన్ లీడర్. జగిత్యాల నుంచి వెళ్లి షార్జాలో పనిచేస్తున్న ఒక అన్న కో-లీడర్. ఆరేళ్లుగా రాత్రి పూట కలిసి ఆడుతున్నారు, ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఇప్పుడు యువకుడికి తెల్లవారుజామునే బయలుదేరే ఉద్యోగం వచ్చింది, ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది.

మిమ్మల్ని వేధించిన వ్యక్తి నుంచి, డబ్బు అడిగి ఇబ్బంది పెట్టిన వ్యక్తి నుంచి దూరం జరగాలనుకుంటే ఈ మెట్లేవీ అవసరం లేదు. అక్కడ వీడ్కోలు బాకీ ఉండదు. ఆధారాలు దాచుకుని బ్లాక్ చేయండి.

## 1. ముగిసేది ఏమిటో ముందు మీరు తేల్చుకోండి

ఆట స్నేహంలో మూడు విషయాలు కలగలిసి ఉంటాయి: ఆట, రోజూ కలిసే వేళ, ఆ మనిషి. మీరు మానుకుంటున్నది వీటిలో ఏది?

మా ఉదాహరణలోని యువకుడికి ఆట పూర్తిగా పోతోంది, రాత్రి పదిన్నర వేళ పోతోంది. మనిషి ఉంటాడు, కానీ అప్పుడప్పుడూ మాట్లాడే మనిషిగా. ఇది తేలకుండా సందేశం మొదలుపెడితే “కొంచెం బిజీగా ఉన్నాను, చూద్దాం” అన్న వాక్యమే వస్తుంది. అది విన్న మిత్రుడు మళ్లీ వచ్చే వారం అడుగుతాడు.

ఒక కాగితం మీద వీటికి జవాబులు రాసుకోండి:

- ఆట ఏ తేదీ నుంచి మానేస్తున్నాను?
- తర్వాత ఎక్కడ దొరుకుతాను? ఎంత తరచుగా?
- మళ్లీ ఆడే అవకాశం నిజంగా ఉందా, మొహమాటానికి అంటున్నానా?
- నేను తీర్చాల్సినవి ఏమైనా మిగిలాయా?

మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. “పాప కాస్త పెద్దదయ్యాక వస్తాను” అన్న మాట నోటికి తేలిగ్గా వస్తుంది. అవతలివారు ఆ మాట మీద క్లాన్‌లో మీ చోటు ఖాళీగా ఉంచుతారు, మరొకరిని లీడర్ చేయడానికి వెనకాడతారు. తిరిగి వచ్చే తేదీ మీకే తెలియనప్పుడు వస్తానని రాయకండి.

నాలుగో ప్రశ్న డబ్బు గురించి కూడా. పండక్కి ఒకరికొకరు ఆటలో డబ్బుతో కొనే గోల్డ్ పాస్ కొనిపెట్టుకున్నవారు, “తర్వాత ఇస్తాలే” అన్నవారు ఉంటారు. చిన్న మొత్తమైనా వీడ్కోలుకు ముందే తీర్చేయండి. వీడ్కోలు సందేశంలో లెక్కలు కలపకండి.

## 2. ఆట క్యాలెండర్ చూసి తేదీ పెట్టుకోండి

మీకు తీరిక దొరికిన రోజు వెళ్లిపోవడం కాదు, క్లాన్‌కు నష్టం లేని రోజు చూసుకోవాలి.

మామూలు వార్‌లో సన్నాహక దినం 23 గంటలు, యుద్ధ దినం 24 గంటలు. అంటే ఒక్కసారి మీ పేరు జాబితాలోకి ఎక్కాక దాదాపు రెండు రోజులు మీరు కట్టుబడినట్టే. మధ్యలో క్లాన్ వదిలితే మీ స్థానంలో ఇంకొకరిని దింపే వీలు లేదు, మీ రెండు దాడులూ వృథా అవుతాయి. క్లాన్ వార్ లీగ్ నెల మొదట్లో మొదలై ఏడు యుద్ధ దినాలు సాగుతుంది. రోజుకు ఒక్క దాడే ఉంటుంది కాబట్టి ఒకరు లేకపోతే ఆ లోటు బాగా తెలుస్తుంది.

అందుకే లీగ్ ముగిసి బోనస్ పతకాలు పంచాక వెళ్లడం మేలు. బోనస్ ఎవరికి ఇవ్వాలో లీడర్లే ఎంచుతారు. ఆరేళ్లు లీడర్‌గా ఉన్న మనిషి చివరి బోనస్‌లు తన చేత్తో పంచి వెళ్లడం బాగుంటుంది కూడా.

నా సలహా ఇది: నెలాఖరులో ఆప్త మిత్రుడికి చెప్పండి. లీగ్ ఆడండి. ఆ తర్వాత వచ్చే శనివారం చివరి ఆట, ఆదివారం నిష్క్రమణ. మొత్తం రెండు వారాలు. అంతకంటే లాగితే ప్రతి రాత్రీ చివరి రాత్రిలా బరువెక్కుతుంది. రెండు మూడు రోజులే ఇస్తే అవతలివారికి జీర్ణించుకునే వ్యవధి ఉండదు.

లీగ్ కాగానే వార్ ప్రాధాన్యాన్ని ఎరుపులోకి, అంటే వార్‌కు రాననే గుర్తులోకి మార్చుకోండి. లేకపోతే అలవాటుగా ఎవరో మిమ్మల్ని తర్వాతి వార్‌లో చేర్చేస్తారు.

## 3. ఆట బయట ఒక చిరునామా ఉందో లేదో చూడండి

మిత్రుడు మీకు ఆటలో మాత్రమే తెలిసి ఉంటే, ముందు ఈ పని చేయండి. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30న ఇక్కడి ఆటగాళ్లకు సర్వర్లు ఆగిపోయాయి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్న స్క్వాడ్లు నిలిచాయి. గేమ్ ఐడీలు మాత్రమే తెలిసినవారికి ఒకరినొకరు వెతుక్కునే దారే లేకుండా పోయింది. 2021 జులైలో దాని భారతీయ రూపం బీజీఎంఐ వచ్చేసరికి చాలామంది చెల్లాచెదురయ్యారు.

క్లాన్ చాట్‌ను కూడా నమ్ముకోవద్దు. కొత్త సందేశాలు వచ్చేకొద్దీ పాతవి జారిపోతాయి. మీ వీడ్కోలు మాటలు వారం తిరక్కుండానే దళాలు ఇమ్మని అడిగే డొనేషన్ అభ్యర్థనల కింద కనుమరుగవుతాయి.

అయితే నంబరు అడిగేటప్పుడు ఒత్తిడి పెట్టకండి. ఇంతకాలం తన అసలు పేరు కూడా చెప్పని మనిషికి అందుకు కారణం ఉండవచ్చు. “ఇది నా మెయిల్. రాయాలనిపిస్తే రాయి” అని మీ చిరునామా ఇచ్చి ఊరుకోండి. మైనరు పిల్లలతో ఆడుతున్న పెద్దలు వ్యక్తిగత నంబరు అడగనే కూడదు. వారికి క్లాన్‌లో అందరి ముందు చెప్పే వీడ్కోలు చాలు.

## 4. ఆ ఒక్కరికి ముందు చెప్పండి

వరుస ముఖ్యం. క్లాన్ అందరికీ పోస్టు పెట్టి, దాని ద్వారా ఆప్త మిత్రుడికి తెలిసేలా చేయడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ నొప్పించే తప్పు. ముందు అతనికి. తర్వాతే మిగతావారికి.

వార్ జరుగుతున్నప్పుడు చెప్పకండి. అతని పని వేళలు చూసుకోండి. షార్జా మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. మనకు రాత్రి పదిన్నర అయితే అక్కడ తొమ్మిది, గదిలో వంట ముగిసి మనుషులు తీరిగ్గా కూర్చునే వేళ. అక్కడ వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి, చాలామంది బోటిమ్ లాంటి కాలింగ్ యాప్‌లు వాడతారు. కాల్ కలవకపోతే కంగారు పడకుండా రాసి పంపండి.

నిజానికి ముందు రాసి, తర్వాత మాట్లాడడమే మంచిదని నా అభిప్రాయం. ఫోన్లో హఠాత్తుగా చెబితే అవతలి మనిషి “పర్వాలేదు తమ్ముడూ” అనేసి పెట్టేస్తాడు. రాసిన మాటను అతను రెండుసార్లు చదువుకుని, తనకు వీలైనప్పుడు స్పందిస్తాడు.

సందేశం ఇలా ఉండవచ్చు:

> అన్నా, ఈ విషయం ముందు నీకే చెప్పాలని రాస్తున్నాను. వచ్చే నెల లీగ్ పూర్తయ్యాక నేను ఆట మానేస్తున్నాను. కొత్త ఉద్యోగంలో ఉదయం ఐదున్నరకే బయలుదేరాలి, రాత్రి పాపను చూసుకునే వంతు నాది. నీతో గానీ క్లాన్‌లో ఎవరితో గానీ నాకు ఏ ఇబ్బందీ లేదు.
>
> నేను టౌన్ హాల్ 9లో ఉండి ప్రతి వార్‌లోనూ అవతలి క్లాన్‌కు మూడు నక్షత్రాలు ఇచ్చేస్తున్నప్పుడు, రెండు రాత్రులు కూర్చుని నా కోసం బేస్ గీసి పంపావు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం నా పనులన్నీ నువ్వే చూసుకున్నావు, ఆ మాట తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను మరిచిపోలేదు అన్నా.
>
> ఇకనుంచి రాత్రి పదిన్నరకు నేను ఉండను. వాట్సాప్‌లో ఉంటాను, కానీ రోజూ జవాబు ఇవ్వలేను. నువ్వు సెలవుకి ఊరొచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, తప్పకుండా మాట్లాడతాను.
>
> లీడర్ బాధ్యత నీకు ఇవ్వాలనుంది. వద్దనిపిస్తే నిస్సంకోచంగా చెప్పు. లీగ్ అయ్యాక శనివారం మనిద్దరం ఒకసారి ఆడదాం. నీకు తొమ్మిది, నాకు పదిన్నర.

మొదటి పేరాలోనే తేదీ, కారణం ఉన్నాయి. చివరిదాకా దాచి పెట్టిన వార్త చదివేవారిని భయపెడుతుంది. “ఏ ఇబ్బందీ లేదు” అన్న వాక్యం తప్పనిసరి, ఎందుకంటే అవతలి మనిషి మొదట వెతుక్కునేది తన తప్పునే.

రెండో పేరాలో పొగడ్త లేదు, రెండు సంఘటనలు ఉన్నాయి. “నీలాంటి మిత్రుడు దొరకడం నా అదృష్టం” అని ఎవరికైనా రాయవచ్చు. ఆ బేస్ సంగతి ఆ ఒక్కరికే రాయగలరు. మీ ఇద్దరికి మాత్రమే తెలిసిన రెండు సంగతులు చాలు. పది రాస్తే సంస్మరణ సభలా అనిపిస్తుంది.

మూడో పేరా హద్దు చెబుతుంది. ఏది ఉండదో, ఏది ఉంటుందో రెండూ అందులోనే ఉన్నాయి. “ఎప్పుడూ టచ్‌లో ఉందాం” అని రాసి ఉంటే నెల తిరిగేసరికి ఆ మాటే అబద్ధమై కూర్చునేది.

పంపే ముందు సరిచూసుకోండి:

- తేదీ స్పష్టంగా ఉందా?
- కారణం రెండు వాక్యాలలోపే ఉందా? అంతకు మించితే సంజాయిషీలా వినిపిస్తుంది.
- నిలబెట్టుకోలేని మాట ఏదైనా ఉందా?
- అతను “వద్దు” అనగలిగేలా అడిగారా?

## 5. పదవులు, తాళాలు అప్పగించండి

మిత్రుడు ఒప్పుకున్నాకే ఈ మెట్టు. క్లాన్‌లో ఒకరిని లీడర్‌గా చేయగానే మీరు కో-లీడర్‌గా మారిపోతారు. తర్వాత మనసు మారినా వెనక్కి తీసుకునే అధికారం మీకు ఉండదు, కొత్త లీడర్ ఇస్తేనే వస్తుంది. ఎవరికీ అప్పగించకుండా వెళ్తే మాత్రం ఆ పదవి ఎవరి చేతికి పోతుందో మీ ఇష్టం మీద ఆధారపడదు.

మీరు ఆటలో ఉండగానే, వెళ్లడానికి మూడు నాలుగు రోజుల ముందు ఈ మార్పు చేయండి. వార్ మొదలుపెట్టడం, కొత్తవారిని చేర్చుకోవడం అన్నీ అతను చేస్తుండగా మీరు పక్కన ఉంటారు.

డిస్కార్డ్ సర్వర్ మీ పేరు మీద ఉంటే అది విడిగా అప్పగించాలి. యజమాని సర్వర్‌ను వదిలి వెళ్లలేరు. సర్వర్ సెట్టింగుల్లో సభ్యుల జాబితా తెరిచి, ఆ వ్యక్తి పేరు దగ్గర “Transfer Ownership” ఎంచుకోవాలి. వాట్సాప్ గ్రూపుకు మరొకరిని అడ్మిన్‌గా చేయండి.

మీ విలేజ్‌ను, అంటే ఆటలో మీరు కట్టుకున్న ఊరిని, మాత్రం బహుమతిగా ఇవ్వకండి. వెళ్లేవారికి ఈ ఆలోచన తప్పక వస్తుంది: “ఇంత పెంచిన బేస్ ఊరికే పోవడమెందుకు, అన్నకే లాగిన్ ఇచ్చేస్తాను.” ఖాతాలను అమ్మడం, పంచుకోవడం ఆట తయారుచేసిన సూపర్‌సెల్ సంస్థ నిబంధనలకు విరుద్ధం. దొరికితే ఆ ఖాతాను నిషేధించవచ్చు. పైగా అది మీ ఈమెయిల్‌తో ముడిపడి ఉంటుంది, కోడ్ కోసం అతను మిమ్మల్ని అడుగుతూనే ఉంటాడు. స్నేహితుడికి ఇచ్చిన కానుక అతనికి తలనొప్పి కాకూడదు.

బేస్ లేఅవుట్ లింకు ఇవ్వవచ్చు. దాడుల గురించి మీరు రాసుకున్న నోట్సు ఇవ్వవచ్చు. సభ్యుల్లో ఎవరు ఏ వేళకు ఉంటారు, ఎవరికి పరీక్షలు, ఎవరిని మాట అంటే నొచ్చుకుంటారు అన్నది ఒక పేజీ రాసి ఇస్తే కొత్త లీడర్‌కు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

## 6. చివరి ఆట, ఆ తర్వాత అందరికీ కబురు

చివరి ఆటకు వార్ వద్దు. ఓడితే ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడుకుంటారు. ఫ్రెండ్లీ ఛాలెంజ్ పెట్టుకోండి. ఒకరి బేస్‌పై ఒకరు దాడి చేసుకోవచ్చు, దళాలు ఖర్చు కావు, ట్రోఫీలు పోవు. ఎంతసేపు ఆడతారో ముందే అనుకోండి. గంట చాలు. అనుకోకపోతే “ఇంకొక్కటి” అంటూ తెల్లవారుతుంది, వీడ్కోలు మాట ఎవరూ ఎత్తరు.

క్లాన్ పేజీ, ఇద్దరి ప్రొఫైళ్లు, మంచి వార్ ఫలితాలు స్క్రీన్‌షాట్లు తీసి ఇద్దరూ దాచుకోండి. క్లాన్ పేరు మారవచ్చు, సభ్యులు చెదిరిపోవచ్చు.

మరుసటి రోజు క్లాన్ మెయిల్ పంపండి. ఇది చిన్నదిగా ఉండాలి:

> ఈ రోజుతో నేను ఆట నుంచి సెలవు తీసుకుంటున్నాను. కొత్త ఉద్యోగం, ఇంట్లో చిన్న పాప. ఇకనుంచి లీడర్ అన్నయ్యే, వార్ విషయాలన్నీ ఆయన్నే అడగండి. ఇన్నాళ్లూ నా మాట విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

పేర్లు ఏకరువు పెట్టవద్దు. ఒక్కరిని మరిచినా ఆ ఒక్కరికి అదే గుర్తుంటుంది. పాత గొడవల ప్రస్తావన, ఆట తయారీదారుల మీద ఫిర్యాదు కూడా ఇందులో వద్దు. జవాబులు చదవడానికి ఒక పూట ఉండి, సాయంత్రం క్లాన్ వదలండి.

## 7. కలం స్నేహమైతే

ఉత్తరాల్లో చిక్కు వేగంతోనే. విదేశానికి వెళ్లిన ఉత్తరానికి జవాబు రావడానికి నెల, నెలన్నర పట్టవచ్చు. ఈలోగా అతని ఉత్తరం మీ ఉత్తరానికి ఎదురుపడి దాటిపోవచ్చు. మీ వీడ్కోలు అందకముందే అతను పంపిన ప్రశ్నలు తర్వాత మీ చేతికొస్తాయి.

కాబట్టి రెండు ఉత్తరాల పద్ధతి పాటించండి. మొదటిదాంట్లో విషయం చెప్పి, “మీ జవాబు అందాక ఇంకొక్క ఉత్తరం రాస్తాను, అది చివరిది” అని స్పష్టం చేయండి. రెండోదాంట్లో అతను అడిగినవాటికి సమాధానాలు ఇవ్వండి, కొత్త ప్రశ్న మాత్రం ఒక్కటీ వేయకండి. ప్రశ్న ఉన్న ఉత్తరం జవాబు కోరుతుంది.

ప్రతి ఉత్తరం మీదా తేదీ వేయండి. ఇల్లు మారుతుంటే ఎప్పటివరకు పాత చిరునామాకు ఉత్తరాలు అందుతాయో రాయండి. అతను ఇచ్చిన కుటుంబ ఫొటోలు వెనక్కి పంపాలా, ఉంచుకోవచ్చా అని మొదటి ఉత్తరంలోనే అడగండి. పంపితే ట్రాకింగ్ ఉన్న పద్ధతిలోనే పంపండి.

## 8. దారి తప్పితే ఏం చేయాలి?

చదివాడు, జవాబు లేదు. వారం ఆగండి. తర్వాత ఒకే ఒక వాక్యం: “చదివావని తెలుసు అన్నా, తొందరేమీ లేదు, శనివారం నేను ఉంటాను.” అప్పటికీ రాకపోతే మూడోసారి అడగకండి. చెప్పిన రోజున, చెప్పిన వేళకు ఉండండి. రాకపోవడం అతని హక్కు.

కోపగించుకున్నాడు. “వెళ్లేవాడివి ముందే చెప్పాల్సింది” అంటే వాదించకండి, కారణాలు మళ్లీ వల్లించకండి. “నీకు బాధగా ఉంటుందని తెలుసు” అని ఒప్పుకుని, తేదీని మాత్రం కదపకండి. కోపం చూసి ఇంకో నెల పొడిగిస్తే నెలాఖరున ఇదే సంభాషణ మళ్లీ చేయాల్సి వస్తుంది.

వెళ్లాక కూడా ప్రతి వార్‌కూ పిలుస్తున్నాడు. మొదటిసారే సూటిగా చెప్పండి: “ఆటకు రాలేను. పిలవద్దు అన్నా, రాలేనని చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఇంట్లో సంగతులు చెప్పు, వింటాను.” మూడుసార్లు సాకులు చెప్పి నాలుగోసారి విసుక్కోవడం కన్నా ఇది మర్యాద.

చాటుగా మరో ఖాతాతో ఆడాలనిపిస్తోంది. ఆడితే ఎవరో ఒకరు గుర్తుపడతారు. ఆట శైలి పేరు మార్చినా మారదు. అప్పుడు మీరు చెప్పిన కారణమంతా సాకుగా మిగులుతుంది. మళ్లీ ఆడాలనిపిస్తే ముందు ఆ మిత్రుడికే చెప్పి మొదలుపెట్టండి.

## 9. వెళ్లాక మొదటి నెల

ఆటను ఫోన్ నుంచి తీసేసినా విలేజ్ పోదు. సూపర్‌సెల్ ఐడీకి కట్టిన ఈమెయిల్ మీ దగ్గర ఉన్నంతకాలం తిరిగి తెరవవచ్చు. ఉద్యోగం వదిలితే పోయే ఆఫీసు మెయిల్‌తో కట్టి ఉంటే ఇప్పుడే మార్చుకోండి. ఖాతాను శాశ్వతంగా తొలగించమని కోరడం వేరు. ఆ పని వీడ్కోలు చెప్పిన వారంలో చేయకండి, మనసు కుదుటపడ్డాక నిర్ణయించుకోండి.

డిస్కార్డ్ ఖాతా తొలగిస్తే మీ పాత సందేశాలు అక్కడే ఉంటాయి. మీ పేరుకు బదులు “Deleted User” అని కనిపిస్తుంది. ఆరేళ్ల సంభాషణను మిత్రుడు అప్పుడప్పుడూ తిరగేసి చదువుకునే మనిషైతే, ఖాతాను అలాగే ఉంచి నోటిఫికేషన్లు ఆపేసుకోవడం మేలు.

మూడు నాలుగు వారాలకు మీరే ఒకసారి పలకరించండి. ఆట గురించి కాకుండా, మీరు వెళ్లే ముందు అతను చెప్పిన ఏదో ఒక సంగతి అడగండి: గది మారాడా, తమ్ముడి పెళ్లి చూపులు ఏమయ్యాయి, సెలవు మంజూరైందా. జవాబు పొట్టిగా వస్తే పొట్టిగానే తీసుకోండి. వీడ్కోలు సందేశం మూడో పేరాలో మీరు రాసిన హద్దు అతనికి కూడా వర్తిస్తుంది.